మా పాప వీడియో చూశారా మేడమ్? క్లాస్ గ్రూప్‌లో టీచర్ రిప్లై ఎలా ఉండాలంటే..

స్కూల్లో ఫంక్షన్ అయిపోయి గంట కూడా కాలేదు. క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో ఫోన్ టింగ్ టింగ్ మంటూనే ఉంది. ఒకరు వీడియో పెట్టారు, ఇంకొకరు నాలుగు ఫొటోలు పెట్టారు. కింద ఒక్కటే లైన్.. ‘మా పాప ఎలా చేసింది మేడమ్?’

టీచర్ అప్పటికి కుర్చీలు సర్దించి, మైక్ సెట్ వాడిని పంపించి, బస్సులో కూర్చుని ఉంటుంది. చేతికి వచ్చిందేదో టైప్ చేసి పంపేస్తుంది. ‘సూపర్ బంగారం’ అని. అక్కడితో అయిపోయిందనుకుంటుంది. నిజానికి అక్కడే మొదలవుతుంది. ఆ గ్రూప్‌లో ఇంకో ముప్పై ఇళ్లున్నాయి. ఆ రిప్లైని అమ్మ గట్టిగా చదివి పిల్లకి వినిపిస్తుంది. పక్కింటి పిల్లాడి వాళ్లమ్మ కూడా చదువుతుంది. ‘మరి నాకేం రాశారు?’ అని వాడు అడుగుతాడు.

టీచర్ల రిప్లైల్లో పక్షపాతం ఉందనే గొడవ చాలా స్కూళ్లలో వినిపించేదే. ఏ టీచరూ కావాలని చేసేది కాదు ఇది. ఏ ఒక్క మెసేజ్‌నూ విడిగా చూస్తే అందులో తప్పేమీ కనిపించదు. పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. అదెలాగో ఒక ఉదాహరణతో చూద్దాం. క్లాసూ, పేర్లూ మనం అనుకున్నవే. సంగతి మాత్రం ఏ టీచర్‌ని అడిగినా ‘అవును, ఇలాగే జరుగుతుంది’ అంటారు.

ఆగస్టు 29.. ఐదో తరగతి.. 32 మంది

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి పుట్టినరోజు. 1863లో ఆ రోజునే ఆయన పుట్టారు. మన స్కూళ్లలో ఆ రోజు పద్యాలు, పాటలు, చిన్న నాటిక మామూలే.

మన ఐదో తరగతిలో 32 మంది పిల్లలు అనుకుందాం. ఏడుగురు తలో పద్యం చదివారు. పన్నెండు మంది బృందగానం. ఆరుగురు నాటిక. ఒకమ్మాయి యాంకరింగ్. నలుగురు స్టేజీ పని.. అంటే ముందు ముగ్గు వేయడం, మైక్ ఎత్తు సరిచేయడం, వరుసగా ఎవరు వెళ్లాలో లిస్టు పట్టుకుని పిలవడం. ఇద్దరు జ్వరం వచ్చి రాలేదు.

సాయంత్రానికి గ్రూప్‌లో మూడు వీడియోలు వచ్చాయి. మూడూ పద్యాలు చదివిన పిల్లలవే. ఒంటరిగా స్టేజీ మీద నిలబడిన వాళ్లకే వీడియో బాగా వస్తుంది కాబట్టి ఎప్పుడూ ఇంతే.

మొదటి వీడియో అక్షరది. సుమతీ శతకంలో ఒక కంద పద్యం. తప్పు లేకుండా చదివింది. పట్టు పరికిణీ, జడగంటలు. టీచర్ వెంటనే రిప్లై ఇచ్చింది. ‘సూపర్ సూపర్ బంగారం! మన క్లాస్‌కే స్టార్‌వి నువ్వు. ఆ పరికిణీలో ఎంత ముద్దుగా ఉన్నావో, అమ్మా దిష్టి తీయండి’ అని. చివర మూడు గుండె బొమ్మలు.

అరగంట తర్వాత రెహాన్ వాళ్ల నాన్న వీడియో పెట్టాడు. వేమన పద్యం. మూడో పాదం దగ్గర పిల్లాడు ఆగిపోయాడు. నాలుగు సెకన్లు నిశ్శబ్దం. తర్వాత తనే అందుకుని పూర్తి చేశాడు. టీచర్ రిప్లై.. ‘గుడ్ ట్రై బాబూ. నెక్స్ట్ టైమ్ ఇంకా బాగా ప్రాక్టీస్ చెయ్యి’.

మూడోది చరణ్. క్లాసులో గొంతు పెద్దగా పెగలని పిల్లాడు. ఆ రోజు మాత్రం అందరికీ వినిపించేలా చదివాడు. టీచర్ అప్పటికి వంటింట్లో ఉంది. బొటనవేలి గుర్తు ఒకటి కొట్టి వదిలేసింది.

రాత్రి 10:40కి లాస్య వాళ్లమ్మ ఒక ఫొటో పెట్టింది. బృందగానంలో రెండో వరుస. సగం ముఖమే కనిపిస్తోంది, కొంచెం మసకగా ఉంది. టీచర్ నిద్రపోయింది. పొద్దున లేచేసరికి ఆ ఫొటో మీద హోంవర్క్ గురించి పదిహేను మెసేజ్‌లు పడ్డాయి. ఎవరూ ఏమీ అనలేదు.

తేడా ఎక్కడ పడింది?

చాలామంది మాటల్లో వెతుకుతారు. మాటలకంటే ముందు నాలుగు విషయాలు పిల్లల కంట్లో పడతాయి. ఎవరికి ముందు రాశారు, ఎంత పొడుగ్గా రాశారు, ఎన్ని బొమ్మలు పెట్టారు, ఏమని పిలిచారు. అక్షర ‘బంగారం’. రెహాన్ ‘బాబూ’. చరణ్‌కి పిలుపే లేదు. పదేళ్ల పిల్లలకి ఈ లెక్క భలే తెలుస్తుంది. టీచర్‌కి ఎవరు ‘బంగారం’, ఎవరు ‘బాబు’, ఎవరు ‘ఏయ్’ అన్నది క్లాసు మొత్తానికి తెలుసు. ఇప్పుడది గ్రూప్‌లో రాతపూర్వకంగా ఉంది, అంతే.

అందుకే పిలుపు దగ్గర ఒక పద్ధతి పెట్టుకోవడం మేలు. ముద్దుపేర్లు క్లాసులో, ఎదురుగా ఉన్నప్పుడు బాగుంటాయి. గ్రూప్‌లో మాత్రం అందరికీ పేరే. ‘అక్షరా’, ‘రెహాన్’, ‘చరణ్’, ‘లాస్యా’. పిల్లతో మాట్లాడుతున్నట్టే ‘నువ్వు’ అని రాస్తే చాలు, అమ్మానాన్నలు ఎలాగూ చదివి వినిపిస్తారు. పెద్దవాళ్లకి విడిగా ఏదైనా చెప్పాలంటే ‘గారు’ పెట్టి ఇంకో లైన్. ఒకే లైన్‌లో పిల్లకీ తల్లికీ కలిపి రాస్తే ‘నువ్వు’, ‘మీరు’ కలిసిపోయి ఎవరితో అన్నారో తెలియకుండా పోతుంది.

ఇక మాటల సంగతి. అక్షరకి రాసిన రిప్లైలో పద్యం గురించి ఒక్క ముక్క కూడా లేదు, గమనించారా? పరికిణీ ఉంది, ముద్దు ఉంది, దిష్టి ఉంది. స్టార్ ఉంది. ఆ పిల్ల చదివిన పద్యం లేదు. అంటే ఎక్కువ మెచ్చుకోలు దొరికిన పిల్లకి కూడా నిజానికి ఏమీ దొరకలేదు.

బట్టల మీద మెచ్చుకోలు ఇంకో చిక్కు. పట్టు పరికిణీ, అద్దెకు తెచ్చిన డ్రెస్, మేకప్.. ఇవన్నీ ఇంట్లో డబ్బునీ, అమ్మకి ఉన్న తీరికనీ బట్టి ఉంటాయి. యూనిఫాంలోనే వచ్చి పద్యం చదివిన పిల్లాడికి ఆ మెచ్చుకోలు ఎప్పటికీ దొరకదు. రంగు, అందం మాటలు అసలే వద్దు. పిల్లే స్వయంగా కుట్టుకున్న కిరీటమో, కాగితంతో చేసుకున్న మీసమో అయితే మాత్రం దాని గురించి తప్పకుండా రాయండి. అది తను చేసిన పని.

‘సూపర్ డూపర్’ అంటే నష్టమేంటి?

పిల్లల్ని ఎంత ఎక్కువ పొగిడితే అంత ధైర్యం వస్తుందని మనలో చాలామంది అనుకుంటాం. ముఖ్యంగా బిడియపడే పిల్లలకి రెండు సూపర్‌లు ఎక్కువే వేస్తాం. ఇక్కడో పరిశోధన సంగతి చెప్పుకోవాలి. ఎడీ బ్రుమ్మెల్మన్, ఆయన సహచరులు 2014లో ప్రచురించారు. నెదర్లాండ్స్‌లో 8 నుంచి 12 ఏళ్ల పిల్లల చేత వాన్‌గో వేసిన అడవి గులాబీల బొమ్మని చూసి వేయించారు. తర్వాత ఒక చిత్రకారుడు రాసినట్టుగా ఒక చీటీ ఇచ్చారు. కొందరి చీటీలో ‘అందమైన బొమ్మ వేశావు’ అని ఉంది. కొందరి చీటీలో ‘నమ్మలేనంత అందమైన బొమ్మ వేశావు’ అని ఉంది. ఇంకొందరికి మెచ్చుకోలే లేదు. ఆ తర్వాత ఈసారి కష్టమైన బొమ్మ వేస్తావా, తేలికైనదా అని అడిగారు.

తమ మీద తమకు నమ్మకం తక్కువగా ఉన్న పిల్లలు ‘నమ్మలేనంత’ అనే మాట చదివాక తేలికైన బొమ్మల వైపే మొగ్గారు. నమ్మకం ఎక్కువున్న పిల్లల్లో దీనికి రివర్స్ జరిగింది. తేడా ఒక్క మాటే, అదీ చీటీ మీద రాసినదే. మన వాట్సాప్ రిప్లై కూడా అలాంటి చీటీయే కదా. ‘నువ్వే స్టార్’ అన్నాక వచ్చే ఏడాది ఇంకాస్త కష్టమైన పద్యం తీసుకుని మధ్యలో మర్చిపోతే స్టార్ పోతుంది. దానికంటే ఇదే పద్యం మళ్లీ చదవడం మేలనిపిస్తుంది పిల్లకి.

కాబట్టి బిడియపడే చరణ్‌కి మూడు సూపర్‌లు ఎక్కువ వేయడం సాయం కాదు. వాడు చేసింది వాడికి చెప్పడమే సాయం.

మరి ఏం రాయాలి?

సూత్రం ఒక్కటే. స్టేజీ మీద ఆ పిల్ల చేసిన ఒక పని, మీరు చూసినది, పేరు పెట్టి చెప్పాలి. ఆ లైన్ తీసుకెళ్లి ఇంకో పిల్ల వీడియో కింద పెడితే అతకకూడదు. ‘బాగా చేశావు, ఇలాగే కొనసాగించు’ అన్నది ఎవరికైనా అతుకుతుంది. అలాంటప్పుడు టీచర్ చూడకుండానే రాసిందని పిల్లకి తెలిసిపోతుంది.

పద్యం విషయంలో తెలుగు టీచర్‌కి చెప్పడానికి చాలా ఉంటుంది. ఉదాహరణకి కంద పద్యంలో మొదటి, మూడో పాదాలు పొట్టివి. రెండో, నాలుగో పాదాలు పొడుగువి. ఆ పొడుగు పాదాల్లోనే పిల్లలకి ఊపిరి మధ్యలో తెగుతుంది, మాట ఎక్కడో విరుగుతుంది, అర్థం చెడుతుంది. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం దగ్గర ఒకే హల్లు వస్తుంది, అదే ప్రాస. ఆ అక్షరం స్పష్టంగా పలికితే పద్యం చెవికి ఇంపుగా ఉంటుంది. ళ, ణ, శ, ష పలకడం, తల వంచుకోకుండా చదవడం, చివరి బెంచీకి వినిపించడం.. ఇవన్నీ కళ్లకీ చెవులకీ దొరికే విషయాలు. ఇప్పుడు ఆ నలుగురికీ మళ్లీ రాసి చూద్దాం.

‘అక్షరా, కంద పద్యంలో రెండో పాదం పొడుగు, అక్కడ ఊపిరి చాలదు. నువ్వు మాట తెగకుండా చదివావు. నాలుగో పాదం కూడా అలాగే చదివావు. విని చాలా సంతోషపడ్డాను.’

‘రెహాన్, మూడో పాదం దగ్గర ఆగావు. నా వైపు చూడకుండా, నువ్వే గుర్తు తెచ్చుకుని చివరి దాకా చదివావు. ఆ పని చూసి నాకు గర్వంగా అనిపించింది.’

‘చరణ్, నీ పద్యం చివరి బెంచీ దగ్గర నిలబడి విన్నాను. ళ, ణ రెండూ అక్కడి దాకా స్పష్టంగా వినిపించాయి. చాలా ఆనందం వేసింది.’

‘లాస్యా, రెండో చరణం దగ్గర పాట వేగం మారుతుంది. అక్కడ నువ్వు చప్పట్ల తాళం వదల్లేదు. అలా పట్టుకుంటేనే బృందగానం కలుస్తుంది. నాకు భలే నచ్చింది.’

నాలుగూ దాదాపు ఒకే పొడవు. నాలుగింటి చివరా టీచర్ మనసు ఉంది.. సంతోషం, గర్వం, ఆనందం, నచ్చడం. ఎవరికి ఏ మాట పడిందన్నది పెద్ద తేడా కాదు. గర్వం దాచుకోవాల్సిన పని లేదు. పక్షపాతం లేకుండా ఉండటమంటే ముఖం గంటు పెట్టుకుని రాయడం కాదు కదా. ప్రతి పిల్ల విషయంలోనూ గర్వపడటానికి ఒకటి వెతకడం.

ఈ నాలుగింటిలో రెహాన్ రిప్లై దగ్గర కాసేపు ఆగాలి. తప్పుని ప్రస్తావించవచ్చా అని చాలామంది టీచర్లకి సందేహం. వీడియోలో ఆ నాలుగు సెకన్లు ఉన్నాయి, అందరూ చూశారు. అది జరగనట్టు ‘అదరగొట్టావు’ అంటే పిల్లాడే నమ్మడు. ఆగిపోవడం, మళ్లీ అందుకోవడం రెండూ వాడు చేసినవే. రెండోది మొదటిదానికంటే కష్టం. కానీ ఒక జాగ్రత్త ఉంది. వాళ్ల నాన్న ఆ భాగం కట్ చేసి వీడియో పెట్టి ఉంటే, మీరు తవ్వి బయటికి తీయకూడదు. అప్పుడు చివరి పాదం గురించి రాయండి. తడబాటు సంగతి మర్నాడు క్లాసులో వాడి పక్కన కూర్చుని మాట్లాడుకోవచ్చు.

చరణ్ రిప్లైలో ఏం రాయలేదో చూడండి. ‘క్లాసులో నోరే విప్పని నువ్వు’ అన్న మాట లేదు. నిన్నటికీ ఇవాళ్టికీ పోల్చి చెప్పడం మంచి పద్ధతే, వాడితో ఒంటరిగా ఉన్నప్పుడు. గ్రూప్‌లో చెబితే వాడు క్లాసులో మాట్లాడడన్న సంగతి ముప్పై ఇళ్లకి చెప్పినట్టు. మెచ్చుకుంటూనే పరువు తీయడం అంటే ఇదే.

లాస్యకి మొదట ‘పక్కవాళ్లు తొందరపడినా నువ్వు తాళం వదల్లేదు’ అని రాయాలనిపిస్తుంది. నిజమే కావచ్చు. కానీ ఆ పక్కవాళ్ల అమ్మలు కూడా గ్రూప్‌లోనే ఉన్నారు. ఒకరిని ఎత్తడానికి ఇంకొకరిని దించితే ఆ రిప్లై పాడైనట్టే.

ఆశ్చర్యం అనే ముల్లు

ఇంకొక రకం మెచ్చుకోలు ఉంది. రాసేవాళ్లకి తెలియదు, చదివేవాళ్లకి గుచ్చుకుంటుంది. ‘రెహాన్, నువ్వు ఇంత బాగా తెలుగు పద్యం చదవడం ఆశ్చర్యం!’ ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లాడు, లంబాడీ తండా నుంచి వచ్చే అమ్మాయి, పని కోసం ఒడిశా నుంచి వచ్చిన కుటుంబంలో బాబు.. వీళ్లకి ఈ ఆశ్చర్యం తరచుగా దొరుకుతుంది. ఆ ఆశ్చర్యం వెనక ‘నీకు రాదనుకున్నాను’ అనే మాట ఉంది. అక్షరని చూసి ఎవరూ ఆశ్చర్యపోరు కదా.

అబ్బాయి ముగ్గు వేసినా, అమ్మాయి నాటికలో పోలీసు వేషం వేసి గద్దించినా ఇదే జరుగుతుంది. ‘అబ్బాయివై ఉండి ఎంత బాగా వేశావో’ అంటారు. పంపే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. ఇదే మాట క్లాసులో ఎవరికైనా రాస్తానా? రాయనంటే ఆ ముక్క తీసేయండి. ‘చుక్కలు వంకర పోకుండా పెట్టావు’ అన్నది మిగిలితే చాలు.

32 మందికి గుర్తుండేదెలా?

నిజమైన ఇబ్బంది ఇక్కడుంది. ఫంక్షన్ రోజు టీచర్ స్టేజీ పక్కన పరుగులు పెడుతూ ఉంటుంది. ఎవరు ఏ పాదం దగ్గర ఊపిరి పట్టారో గుర్తుండదు. గుర్తుండేది ఇద్దరే.. బాగా చేసినవాళ్లు, బాగా తప్పినవాళ్లు. మధ్యలో ఉన్న ఇరవై ఐదు మందికి ‘గుడ్, నైస్’ పడేది అందుకే.

దీనికి అనుభవం ఉన్న టీచర్లు చేసే పని చాలా చిన్నది. హాజరు పట్టీలోని పేర్లు ఒక కాగితం మీద రాసుకుని మడిచి పెట్టుకుంటారు. రిహార్సల్ రోజు సగం పేర్ల పక్కన, ఫంక్షన్ రోజు మిగతా సగం పక్కన రెండు మూడు మాటలు రాస్తారు. ‘ఊపిరి’, ‘చివరి బెంచీ’, ‘తాళం’, ‘మైక్ పట్టుకుని తమ్ముడికి ఇచ్చింది’. అంతే. వాక్యం అక్కర్లేదు. సాయంత్రం ఆ రెండు మాటలు చూస్తే దృశ్యం మొత్తం గుర్తొస్తుంది. ఏ పేరు పక్కన ఖాళీ మిగిలిందో కూడా కనబడుతుంది. ఆ ఖాళీలు ఎక్కువగా ఎవరివో చూస్తే మీ కన్ను ఎటు పోతోందో మీకే తెలుస్తుంది. చాలాసార్లు వెనక వరుసే ఖాళీగా ఉంటుంది.

అయినా కొందరిని చూడలేకపోతారు. అప్పుడు చూసినట్టు నటించకండి. వాళ్లు పెట్టిన వీడియోని రెండుసార్లు చూడండి, ఒకటి దొరుకుతుంది. ఫొటో మాత్రమే ఉంటే, అందులో ఏమీ తెలియకపోతే, ఒక ప్రశ్న అడగండి. ‘ఆ ముగ్గుకి ఎన్ని చుక్కలు పెట్టావు? మొదట ఎక్కడ నుంచి మొదలుపెట్టావు?’ అని. పిల్ల ఎగిరి గంతేసి జవాబు చెబుతుంది. టీచర్ అడిగిందంటే లెక్కలోకి తీసుకున్నట్టే.

ముందు వీడియో పెట్టినవాళ్లదే రాజ్యమా?

వరుస సమస్యకి ఒక తేలికైన దారి ఉంది. వీడియోలు రాకముందే టీచర్ ఒక మెసేజ్ పెట్టాలి. ఫంక్షన్ అయిన వెంటనే, స్కూలు గేటు దాటకముందే. అందులో పద్యాల వాళ్లు, బృందగానం, నాటిక, యాంకరింగ్, స్టేజీ పని.. అందరి పేర్లూ హాజరు పట్టీ వరుసలోనే ఉండాలి. ముగ్గు వేసిన నలుగురూ అందులో ఉండాలి. జ్వరంతో రాని ఇద్దరి గురించి ‘వాళ్లు వచ్చాక వాళ్ల పద్యం క్లాసులో వింటాం’ అని ఒక లైన్. కింద ఇంకో లైన్.. ‘వీడియోలు, ఫొటోలు పెట్టండి. రేపు సాయంత్రం 6 గంటలకి కూర్చుని అన్నీ చూసి అందరికీ రాస్తాను.’

ఈ చివరి లైన్‌తో చాలా తలనొప్పులు పోతాయి. ముందు పెట్టిన అక్షరా, రాత్రి 10:40కి పెట్టిన లాస్యా ఒకే సమయంలో రిప్లై అందుకుంటారు. టీచర్‌కి బస్సులో టైప్ చేసే పని తప్పుతుంది. ఈలోగా బొటనవేలి గుర్తులు కూడా కొట్టకండి. ఒకరికి కొట్టి ఇంకొకరికి మర్చిపోతే మళ్లీ మొదటికొస్తుంది. రాసేటప్పుడు ఆ వీడియో మెసేజ్‌ని పక్కకి జరిపి దానికే రిప్లై ఇవ్వండి. లేకపోతే ఎవరికి ఏది రాశారో కలిసిపోతుంది.

తల్లిదండ్రుల ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ‘అందరిలో మా పాపే బెస్ట్ కదా మేడమ్?’ అని సరదాగా అడుగుతారు. అవునంటే గొడవ, కాదంటే బాధ. ‘అక్షర పద్యం నాకు చాలా నచ్చిందండీ. పొడుగు పాదాలు ఎలా చదివిందో తననే అడగండి, చెబుతుంది’ అంటే మాట పద్యం మీదికి వస్తుంది. జడ్జీలు ఉండి బహుమతి ఇచ్చిన పోటీ అయితే సంగతి వేరు. మొదటి బహుమతి వచ్చిన పిల్లకి ఆ మాట చెప్పి అభినందించడం పక్షపాతం కాదు, అది జరిగిన విషయం. ‘నా దృష్టిలో అసలు విన్నర్ నువ్వే’ అని రెండో పిల్లకి రాయడమే చిక్కు తెస్తుంది.

‘మా బాబుని వెనక వరుసలో ఎందుకు నిలబెట్టారు?’ లాంటిది వస్తే గ్రూప్‌లో జవాబు వద్దు. ఆ మెసేజ్ మీద నొక్కి పట్టి, రిప్లై ప్రైవేట్‌లీ ఎంచుకుంటే విడిగా మాట్లాడుకోవచ్చు. గ్రూప్‌లో ‘ఫోన్ చేస్తానండీ’ అని ఒక ముక్క చాలు. ఇక టీచర్ సొంత పిల్లో, తోటి టీచర్ పిల్లో అదే క్లాసులో ఉంటే ఆ ఒక్క రిప్లై ఇంకో టీచర్ చేత రాయించడం హాయి.

తల్లిదండ్రులు ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాలోనో అందరికీ కనిపించేలా పెట్టిన పోస్టు కింద రాస్తే, స్కూలు పేరు, సెక్షన్, పిల్ల ఇంటిపేరు, వచ్చే బస్సు లాంటి వివరాలు మీ రిప్లైలో పడకుండా చూసుకోండి. అడగకుండా ఆ వీడియోని మీ స్టేటస్‌లో పెట్టుకోవద్దు. 32 మందిలో ఒకరిది పెడితే అది కూడా ఒక మార్కు వేసినట్టే.

పొరపాటు మెసేజ్ వెళ్లిపోతే?

‘క్లాస్‌కే స్టార్’ అని ఇప్పటికే పంపేశారనుకోండి. వాట్సాప్‌లో పంపిన 15 నిమిషాల లోపు మెసేజ్‌ని ఎడిట్ చేసుకోవచ్చు, ఎడిట్ చేసినట్టు పక్కన కనిపిస్తుంది. ఆ టైమ్ దాటితే డిలీట్ చేయకండి. డిలీట్ చేసిన గుర్తు అక్కడే మిగులుతుంది, అక్షర వాళ్లమ్మ ఏమైందని కంగారు పడుతుంది. పైగా పిల్ల అప్పటికే చదువుకుని మురిసిపోయి ఉంటుంది, దాన్ని లాక్కోవడం ఎందుకు? అలాగే ఉంచి, మిగతా ముగ్గురికీ పైన రాసినలాంటి రిప్లైలు ఇవ్వండి. అక్షరకి కూడా పొడుగు పాదం గురించి ఒక లైన్ కలపండి. రెహాన్‌కి ‘గుడ్ ట్రై’ అని వెళ్లి ఉంటే, ‘నిన్న హడావుడిలో చూశాను, ఇవాళ మళ్లీ విన్నాను’ అని మొదలుపెట్టి రాయవచ్చు. టీచర్ రెండోసారి విన్నదంటే వాడికి అదే పెద్ద సంగతి.

ఫోన్ లేని ఇళ్ల సంగతేంటి?

మన క్లాసులో చివరికి పదకొండు మంది పెట్టారనుకుందాం. ఫంక్షన్‌లో ఉన్న 30 మందిలో ఇంకా 19 మంది మిగిలారు. కొందరి ఇళ్లలో నాన్న ఫోన్ ఒక్కటే, అది ఆయనతో పాటు పనికి వెళ్లింది. కొందరి అమ్మలు ఫంక్షన్‌కి రాలేకపోయారు, కూలి పోతుంది. కొందరు గ్రూప్‌లోనే లేరు. వీడియో పెట్టిన వాళ్లకే టీచర్ రాస్తే, ఎంత సమానంగా రాసినా ఆ సమానత్వం పదకొండు ఇళ్లకే.

ఆ 19 లైన్లూ చీటీల మీద రాయాలి. నోట్‌బుక్ కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తే అయిదు కాగితాల్లో పని అయిపోతుంది. గ్రూప్‌లో రాసినంత పొడవే, పేరుతోనే. మడిచిన కాగితంలోని ఆ రెండు మాటలు ఇక్కడే పనికొస్తాయి. ‘మైక్ ఎత్తు ఎవరు వచ్చినా అడగకుండానే సరిచేశావు. ఒక్కరి పద్యం కూడా వినిపించకుండా పోలేదు.’ మర్నాడు హాజరు తీసుకుంటూ ఆ చీటీని వాళ్ల డైరీలోనో పుస్తకంలోనో పెట్టి ఇవ్వండి. గట్టిగా చదవక్కర్లేదు. సాయంత్రం ఇంటికెళ్లి నాన్న వచ్చేదాకా కూర్చుని, అమ్మకి చదువు రాకపోతే తనే చదివి వినిపిస్తుంది ఆ పిల్ల.